నేను తిరగేసిన నైసియా

నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం ఉదయం, దర్శి దగ్గర ఓ ఊళ్ళో, నూట యాభై మంది క్రైస్తవుల చేత నేను మతం మార్పించాను. పాపం, మారినట్టు వాళ్ళకు తెలియదు. మార్పించినట్టు నాకూ తెలియదు. ఇందులో నవ్వొచ్చే భాగం అంతే. మిగతాది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అయినా చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు.

అప్పుడు నేను గుంటూరులో బైబిలు కాలేజీలో ఆఖరి సంవత్సరం. క్రైస్తవ సంఘ చరిత్రలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. కాన్‌స్టంటైన్ చక్రవర్తి బతికుంటే నన్ను సలహా అడిగేవాడన్నట్టు నడిచేవాణ్ణి. మాకు సంఘ చరిత్ర చెప్పే సుగుణ మేడమ్ ఒక రోజు పిలిచి, "ప్రభాకర్, జూనియర్లకు ఈసారి క్లాసు పల్లెలో పెడుతున్నాం. పూర్వం బిషప్పులు కూడిన సభలన్నిటినీ ఒక్క చార్టు మీదకి తేవాలి. ఏ ఏడు, ఎవరు పిలిపించారు, గొడవేమిటి, ఏం తేల్చారు. రాయగలవా?" అన్నారు.

"పుస్తకం కూడా చూడక్కర్లేదు మేడమ్," అన్నాను.

ఆ ముక్కే నా కొంప ముంచింది.

గొడవ అర్థం కావాలంటే మీకూ కాస్త చరిత్ర చెప్పాలి. ఏరియస్ అని అలెగ్జాండ్రియాలో ఒక బోధకుడు. కుమారుడు ఎంత గొప్పవాడైనా తండ్రి చేసిన సృష్టేననీ, ఆయన లేని కాలం ఒకటి ఉండేదనీ చెప్పాడు. ఊళ్ళకు ఊళ్ళు రెండు పక్షాలయ్యాయి. క్రీస్తుశకం 325లో చక్రవర్తి బిషప్పులను నైసియాకు పిలిపించాడు. బైబిల్లోని ఏ మాట ముందు పెట్టినా ఏరియస్ పక్షం వాళ్ళు దానికి తమ అర్థం చెప్పుకుని తలూపుతున్నారట. అలా తప్పించుకోవడానికి వీల్లేని మాట కావాలి. అందుకే విశ్వాస ప్రమాణంలో "సృష్టింపబడక జనించినవాడు" అని, ఆ వెంటనే "తండ్రితో ఏకతత్వము గలవాడు" అని రాశారు. ఒప్పుకోని ఇద్దరు బిషప్పులనూ ఏరియస్‌నూ దేశం నుంచి పంపేశారు. అంటే మొత్తం తగాదా సృష్టి, జననం అనే రెండు మాటల్లో దేన్ని ఒప్పుకోవాలి, దేన్ని కాదనాలి అన్నదాని మీదే ఉంది.

నేను ఆ రెండు మాటల్నీ తిరగేశాను. చార్టులో చోటు చాలక ఏరియస్ వాదం ఒక వరసలో, సభ తీర్పు ఒక వరసలో కుదిస్తూ, సభ తీర్పు కింద "జనింపక సృష్టింపబడినవాడు" అని దర్జాగా రాసేశాను. చార్టు పక్కన పెద్ద అక్షరాలతో వేయడానికి విశ్వాస ప్రమాణమంతా రాసిచ్చాను కదా, అందులోకీ ఆ వరసే ఎక్కించాను.

కాగితం పట్టుకుని దర్శిలో ఫ్లెక్స్ షాపుకి వెళ్ళాను. అక్కడ కంప్యూటర్ మీద కూర్చునేది మస్తాన్ గారు. నలభై దాటిన మనిషి, ముక్కు మీద కళ్ళజోడు. ఆ చుట్టుపక్కల చర్చిల క్రిస్మస్ బ్యానర్లన్నీ ఆయన చేతి మీదుగానే వెళతాయి. టైపు చేస్తూ చేస్తూ ఆగారు.

"బాబూ, మీరు చదువుకున్నోళ్ళు, నాకు తెలీదు గానీ, ఈ లైను అటూ ఇటూ అయిందేమో చూడండి. పోయిన క్రిస్మస్‌కి పాస్టర్ గారికి ఇదే వేసిచ్చాను. అందులో 'సృష్టింపబడక' అని ఉన్నట్టు గుర్తు."

నేను కాగితం వంక కూడా చూడలేదు. "మస్తానూ, నువ్వు అక్షరాలు కొట్టు. సిద్ధాంతం నేను చూసుకుంటా."

వయసులో నాకు బాబాయి అవుతాడు. "మస్తానూ" అట, "నువ్వు" అట! ఆయన మాత్రం, "అయితే ఇలాగే వేయమని రాసి సంతకం పెట్టండి బాబూ, మా షాపు పద్ధతి," అన్నారు. చక్రవర్తి శాసనం మీద ముద్ర వేస్తున్నట్టు పెట్టాను.

ఆదివారం వచ్చింది. మిరపకోతల రోజులు. చర్చి వెనక కళ్ళంలో కాయలు ఎండుతున్నాయి, గాలి తిరిగినప్పుడల్లా సంఘమంతా తుమ్ముతోంది. వేదిక వెనక నా ఫ్లెక్స్ పెళ్ళి పందిరిలా మెరుస్తోంది. సుగుణ మేడమ్, జూనియర్లు ముందు వరసలో కూర్చున్నారు. మామూలుగా ఆ ఊరివాళ్ళు చెప్పుకునేది చిన్న ప్రమాణం, అది అందరికీ నోటికి వచ్చు. ఈ పెద్దది పండగలకే, అదీ చూసి చదవాలి. పాస్టర్ గారు నా అక్షరాల సైజు చూసి ముచ్చటపడి, "ఇవాళ అందరం ఫ్లెక్స్ చూసి నైసియా ప్రమాణం చెబుదాం," అన్నారు.

నూట యాభై మంది లేచారు. ఊరివాళ్ళ గొంతుల సంగతి తెలుసు కదా, రెండు పొలాల అవతలికి వినబడతాయి. "జనింపక సృష్టింపబడినవాడు!" అని కప్పు రేకులు అదిరేలా చెప్పారు. నేను కళ్ళు మూసుకుని తన్మయత్వంతో అందరికంటే గట్టిగా చెప్పాను. కళ్ళు తెరిచేసరికి ముందు వరసలో మేడమ్ నోరు కదలడం లేదు. నన్నే చూస్తున్నారు.

ఆరాధన అయ్యాక పక్కగదిలోకి పిలిచారు. పాస్టర్ గారు కూడా ఉన్నారు.

"ఏమిటది ప్రభాకర్?"

అప్పటికి నేను ఫ్లెక్స్ మళ్ళీ చదివాను. తప్పు నాదేనని తెలిసింది. ఆ క్షణాన నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "షాపులో తప్పు కొట్టారు మేడమ్. ఆ ఆపరేటర్ సాయిబు గదా, వాడికేం తెలుస్తుంది!"

రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ప్రమాణంలో మాటలు తిరగేయడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

పాస్టర్ గారికి కోపం వచ్చింది. "ఇన్నేళ్ళుగా నమ్మి ఇస్తుంటే ఇదా! ఇక మన చర్చి పని ఆ షాపుకి ఇవ్వను," అని అక్కడికక్కడే తేల్చేశారు. మేడమ్ మాత్రం, "ఫ్లెక్స్ అలాగే ఉండనీ. రేపు క్లాసు దాని మీదే," అన్నారు.

పక్కగది సంగతి రాత్రికే ఊరంతా పాకింది. సోమవారం ఆ ఫ్లెక్స్ ముందే నన్ను నిలబెట్టారు. నైసియా గబగబా దాటేశాను. 381, కాన్‌స్టాంటినోపుల్: థియొడోషియస్ చక్రవర్తి పిలిపించాడు, పరిశుద్ధాత్మ తండ్రితోనూ కుమారునితోనూ కూడ ఆరాధింపబడునని తేల్చారు, ఇప్పుడు మనం చెప్పుకునే ప్రమాణం ఈ సభ పేరు మీదే వచ్చింది అన్నాను. 431, ఎఫెసు దగ్గరికి వచ్చాక కాస్త ధైర్యం చిక్కింది.

"కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్టోరియస్ మరియను దేవుని తల్లి అనకూడదు, క్రీస్తు తల్లి అనాలి అన్నాడు. అలాగైతే క్రీస్తు ఇద్దరు మనుషులైపోతాడని అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్ అభ్యంతరం. అంతియొకయ నుంచి రావలసిన బిషప్పులు దారిలో ఉండగానే సిరిల్ సభ మొదలుపెట్టి, ఒక్కరోజులో నెస్టోరియస్‌ను పదవి నుంచి దించేశాడు. వెనక వచ్చినవాళ్ళు వేరే సభ పెట్టి సిరిల్‌ను దించారు. రెండేళ్ళకు గానీ రాజీ కుదరలేదు."

మొదటి సంవత్సరం దీవెన చెయ్యెత్తింది. కొత్తపట్నం పిల్ల, మెత్తగా అడగడం తెలియదు. "అన్నా, నెస్టోరియస్ మాట వినకుండానే తీర్పిచ్చారా?"

"మూడుసార్లు కబురు పంపారమ్మా. ఆయనే రాలేదు."

"మరి నిన్న మస్తాన్ గారికి మనం ఎన్నిసార్లు కబురు పంపాం?"

ఎవరూ తుమ్మలేదు. మేడమ్ ఫోను క్లాసు వింటున్న పాస్టర్ గారి చేతికిచ్చి, "పిలవండి. ప్రభాకర్ రాసిచ్చిన కాగితం ఉంటే తెమ్మనండి," అన్నారు.

మస్తాన్ గారు వచ్చేదాకా క్లాసు ఆగలేదు, మేడమ్ ఆపనివ్వలేదు. 449లో ఎఫెసులోనే జరిగిన రెండో సభ గురించి చెప్పించారు. అక్కడ రోమ్ బిషప్పు లియో రాసిన ఉత్తరాన్ని చదవనే లేదు, ఎదురు చెప్పిన బిషప్పు ఫ్లేవియన్‌ను దించి బాదారు, అందుకే దానికి దొంగల సభ అని పేరు. నేను చెప్పడం ముగించేసరికి గుమ్మంలో మస్తాన్ గారు నిలబడి ఉన్నారు, చేతిలో ఫైలు.

"నమస్తే మేడమ్. లైను తప్పని పాస్టర్ గారు చెప్పారు. నాదే పొరపాటు అనుకోండి, రేపటికి కొత్తది వేసిస్తా."

నా వైపు చూడలేదు. నన్ను కాపాడుతున్నారు! ఆయన తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"మీ పొరపాటో కాదో తర్వాత చూద్దామండీ," అన్నారు మేడమ్. "ప్రభాకర్, 451లో కల్సెదోనులో మొదట ఏం చేశారు?"

"పాత సభల రికార్డులు... అందరి ముందూ... పైకి చదివించారు మేడమ్."

"చదువు."

మస్తాన్ గారు తటపటాయిస్తూ కాగితం ఇచ్చారు. నా చేతిరాత. "జనింపక సృష్టింపబడినవాడు." అడుగున "ఇలాగే వేయాలి", నా సంతకం, సంతకం కింద రెండు గీతలు. కల్సెదోనులో కొందరు బిషప్పులు, దొంగల సభలో మా చేత తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించారు అని చెప్పుకున్నారు. నాకు ఆ దారి కూడా లేదు.

ఆ బిషప్పులే చివరికి, మేమంతా తప్పు చేశాం, క్షమించండి అన్నారు. నాకు "మేమంతా" అనడానికి పక్కన ఎవరూ లేరు. "నేను రాసిందే మేడమ్. మస్తాన్ గారు తప్పని చెప్పారు కూడా. నేనే నోరు మూయించాను. నిన్న అబద్ధం ఆడాను," అన్నాను. చివరి మాటలు ఎవరికైనా వినబడ్డాయో లేదో.

పాస్టర్ గారు లేచి మస్తాన్ గారికి చేతులు జోడించారు. నేను దగ్గరికి వెళ్ళి, "క్షమించండి బాబాయ్," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లైను సంగతి వదిలెయ్ బాబూ. 'వాడికేం తెలుస్తుంది' అన్నావంట. ఊళ్ళో మాట నిలవదు గదా, నా దాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మీ సిలువలన్నీ నేనే గీస్తున్నా. ఏ వాక్యం ఎక్కడ వస్తుందో నాకు తెలుసు." కళ్ళజోడు పెట్టుకుని, "వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పు. చాలు," అన్నారు.

మిగిలిన క్లాసు మేడమే చెప్పారు. క్రీస్తు ఒక్క వ్యక్తి, స్వభావాలు రెండు, అవి కలిసిపోవు, మారవు, చీలవు, విడిపోవు అని కల్సెదోను తేల్చింది. 553లోనూ 680, 681లలోనూ కాన్‌స్టాంటినోపుల్‌లో మళ్ళీ కూడారు, రెండోసారి క్రీస్తుకు చిత్తాలూ రెండేనన్నారు. 787లో నైసియాలో, పటాలకు గౌరవం చూపవచ్చు, ఆరాధన మాత్రం దేవునికే అన్నారు. నాకు అక్షరం ఎక్కలేదు.

తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. ముఖ్యంగా మస్తాన్ గారి గురించి అన్న మాట దాచకుండా చెప్పాను. వెనక నుంచి కోతలకు పోయే చిట్టెమ్మ గారు గట్టిగా అడిగారు: "అయితే అయ్యగారూ, పోయినవారం మేం చేసిన ప్రార్థన చెల్లుద్దా, చెల్లదా?"

పాస్టర్ గారు ఆలోచించి, "మీది చెల్లుద్దమ్మా. ప్రభాకర్‌దే అనుమానం," అన్నారు. రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ నవ్వులో నేను కాస్త బతికాను.

ఏడాది చివర జూనియర్ల పరీక్షలో, నైసియా తరువాత ఏరియస్ వాదం మళ్ళీ ఎలా తలెత్తిందో రాయమన్నారు. దీవెన, కాన్‌స్టాంటియస్ చక్రవర్తి అండతో అది బలపడిన వైనం రెండు పేజీలు చక్కగా రాసి, ఆఖర్న ఇంకో వాక్యం చేర్చింది: "కడపటిసారి ఇది దర్శి మండలంలో ఒక సీనియర్ విద్యార్థి ప్రోత్సాహంతో తలెత్తి, ఫ్లెక్స్ ఆపరేటర్ గారి సాక్ష్యంతో ఎనిమిది రోజుల్లో అణగిపోయింది." మేడమ్ పూర్తి మార్కులు వేసి, క్లాసులో చదివి వినిపించారట.

కావున ప్రభాకర్ అనబడే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పుస్తకం చూడకుండా ఒక్క వాక్యమూ రాయను. టైపు చేసే మనిషి ఆగి నా ముఖంలోకి చూస్తే, వెంటనే చేతులు కట్టుకుని "చెప్పండి" అంటాను. ఎవరి గురించైనా "వాడికేం తెలుసు" అనిపించిన క్షణంలో తెలియనిది నాకేనని నమ్ముతాను. ఈ ప్రమాణాన్ని రెండుసార్లు పైకి చదివాను. మాటలు తిరగబడలేదనే అనుకుంటున్నాను. అయినా అచ్చుకి పంపేముందు మస్తాన్ గారికి చూపించాను.