గోడ ముందు టీ గ్లాసు

రంగులాయన ప్రతి ఉదయం టీని ముందు కళ్ళతో తాగేవాడు. గాజు గ్లాసును వెలుతురుకేసి ఎత్తిపట్టి, ఒక్క క్షణం అలా చూసి, పెదవులు కదిలీ కదలనట్టు దేవుడికి ఒక మాట చెప్పుకుని, ఆ తరువాతే నోటికి అందించేవాడు. "ఇంత మంచి రంగు ఇచ్చినవాణ్ణి తలుచుకోకుండా గొంతులో ఎలా పోసుకుంటాం?" అనేవాడు ఎవరైనా నవ్వితే.

నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో గోడలకు రంగులు వేస్తున్న మనిషి. అసలు పేరు ఏదో ఆయనే మరిచిపోయాడేమో అనిపించేది. అందరికీ రంగులాయనే.

ఆ ఏడాది మాత్రం గ్లాసు ఎత్తి చూసినప్పుడల్లా ఆయన నొసలు ముడిపడేది.

"ఏం తల్లీ, పాలు తగ్గించావా? టీ నానాటికీ నల్లబడుతోంది."

"పాలు అవే, పొడి అదే, చెయ్యీ అదే బాబాయ్" అనేది టీ కొట్టు కోడలు.

"నోరు మారిందేమో చూసుకోమను" అని లోపల గ్లాసులు కడుగుతూ అత్తగారు అందుకునేది. ఆ కొట్టు అత్తా కోడళ్ళిద్దరిదీ. కోడలి చేతికి రుచి, అత్త నోటికి పదును.

కొట్టు వెనకాల ఒక చిన్న గది ఉండేది. నాలుగు బల్లలు వేసి, టీతోపాటు వేడి రొట్టె, ఆమ్లెట్ మనుషుల్ని కూర్చోబెట్టి పెట్టాలని కోడలు ఆ గదిని కూడా అద్దెకు తీసుకుంది. రంగు తానే వేస్తానని రంగులాయన పట్టుబట్టాడు. కిందటి వానాకాలం ఆయన జ్వరంతో పది రోజులు మంచం పట్టినప్పుడు, పూటపూటా వేడి గంజి పంపింది ఆ అమ్మాయే. ఎవరికీ చెప్పలేదు. కూలి మాట ఎత్తగానే రంగులాయన వేలు చూపించాడు. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే రేపటినుంచి ఎదురు కొట్లో తాగుతాను. ఇష్టమేనా?"

ఆ గదికి ఏం కావాలో ఆయనకు బాగా తెలుసు. కిటికీ ఉత్తరం వైపు. ఎండ లోపలికి రాదు, వచ్చే వెలుతురు చల్లగా ఉంటుంది. కాబట్టి గోడలు వెచ్చగా ఉండాలి. కూర్చున్న మనిషి భుజం ఎత్తుదాకా ఇటుక రంగు. వీపులు ఆనినా, తలనూనె అంటినా మాసినట్టు కనిపించదు, మనిషికి ఒక ఆసరా ఉన్నట్టుంటుంది. ఆ పైన మీగడ రంగు, మెరుపు లేకుండా. మెరిసే గోడ కంట్లో గుచ్చుకుంటుంది. ఎరుపు మాత్రం గల్లాపెట్టె అంచుకే. "ఎరుపు కొంచెమైతే ఆకలి పుట్టిస్తుంది. గదంతా పూస్తే మనిషిని తరిమేస్తుంది. కూర్చోవాలనుకునేవాడు కూడా గబగబా మింగి లేచిపోతాడు" అని కోడలికి వివరంగా చెప్పాడు.

చెప్పినట్టే రెండు రోజుల్లో వేసి ముగించాడు. గది నిండా మీగడలాంటి వెచ్చదనం కనిపించి, తృప్తిగా దణ్ణం పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

కానీ గదిలో ఎవరూ కూర్చోలేదు.

మొదటి వారం కొత్త కదా అనుకున్నారు. రెండో వారం బల్లలు మార్చి చూశారు. వచ్చినవాళ్ళు గుమ్మందాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, గ్లాసు పట్టుకుని బయటే నిలబడి తాగి పోయేవారు. ఒకరిద్దరు కూర్చున్నా, ఆమ్లెట్‌ను రెండు ముక్కలు తిని పక్కకు తోసేవారు. మూడో వారం ఇంటి యజమాని వచ్చి, నిలబడే మాట్లాడాడు.

"కూర్చునేవాళ్ళు లేని గది నీకెందుకమ్మా? మందుల షాపువాళ్ళు సరుకు పెట్టుకోడానికి అడుగుతున్నారు. నెలాఖరు దాకా చూస్తాను."

కోడలు తల ఊపింది. ఆ గది పోతే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడి గ్లాసులు అందించడమే. వయసు మీదపడ్డ అత్తను ఒక మూల కూర్చోబెట్టుకోడానికి కూడా చోటు మిగలదు. రంగులాయన పక్కనే ఉండి అంతా విన్నాడు.

"గదిలో లోపమేమైనా ఉందా తల్లీ?" అని అడిగాడు.

"ఏమీ లేదు బాబాయ్. చాలా బాగుంది" అంది కోడలు, పొయ్యికేసి చూస్తూ. లోపల గ్లాసుల చప్పుడు ఒక్కసారిగా ఆగి, మళ్ళీ మొదలైంది.

మరుసటి ఉదయం ఆయన గోడవారగా వస్తుంటే, బస్సు డ్రైవరు మాట చెవిన పడింది.

"ఆ గదిలోనా? వద్దక్కా. లోపలికెళ్తే సూది పట్టుకుని నర్సమ్మ వస్తుందేమో అనిపిస్తోంది. నిన్న అక్కడి గోడ అద్దంలో నా మొహం చూసుకుంటే, నాకే నామీద జాలేసింది."

"నెమ్మదిగా మాట్లాడు అన్నా" అంది కోడలు. "ఆ పెద్దాయన వచ్చే వేళయింది. ఆయన వింటే తట్టుకోలేడు."

రంగులాయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కోపం రాలేదు. తన గోడను ఆస్పత్రి గోడ అన్నందుకు కాదు, ఆ పిల్ల మూడు వారాలుగా ఆ మాటను తనదాకా రానివ్వకుండా అడ్డం నిలబడినందుకు గుండె బరువెక్కింది. ఆయన టీ తాగకుండానే ఇంటికి తిరిగి వెళ్ళాడు.

ఇంట్లో ఒక పాత చెక్క ఉంది. చిన్నతనంలో పని నేర్చుకున్ననాటినుంచి నచ్చిన రంగునల్లా దానిమీద జానెడు మేర పూసి ఉంచుకునేవాడు. దాన్ని చంకలో పెట్టుకున్నాడు. తరువాత సామాన్ల సంచి తిరగేశాడు. నీలిమందు పొట్లం కోసం వెతికితే ఉత్త కాగితం చేతికొచ్చింది.

ఆ ఖాళీ పొట్లాన్ని విప్పి వెలుతురులో చూశాడు.

తెల్లరంగులో పసుపు ఛాయ తేలితే, దాన్ని విరవడానికి చిటికెడు నీలిమందు కలపడం ఆయన అలవాటు. ముందు తెలుపును శుభ్రం చేసుకుని, ఆ తరువాతే మీగడ రంగుకు కావలసిన పసుపుమట్టి రంగు కలుపుతాడు. పొట్లం ఒకటి ఏడాది వచ్చేది. ఆ చిన్న గదికి మొత్తం అయిపోయింది. ఎంత కలిపినా బకెట్లో తెలుపు పసుపుగానే కనిపించడం, విసుక్కుంటూ ఇంకా ఇంకా కలపడం ఇప్పుడు గుర్తొచ్చాయి.

చెక్క తీసుకుని నేరుగా కొట్టు వెనక గదిలోకి వెళ్ళాడు. చెక్క మీద పాత మీగడ రంగు ఉన్న చోటును గోడకు ఆనించి పట్టాడు. ఆయన కంటికి రెండూ దాదాపు ఒకటే.

"ఒక గ్లాసు టీ తీసుకురా తల్లీ. ఇక్కడ, గోడ ముందు పట్టుకో. దేవుడు చూస్తున్నాడనుకుని నిజం చెప్పు. ఈ రెండూ ఒకటేనా?"

కోడలు గ్లాసు పట్టుకుని నిలబడింది. సమాధానం గుమ్మంలోంచి అత్తగారు చెప్పింది.

"కాదన్నయ్యా. చెక్క మీదిది మీగడ. గోడ మీదిది విరిగిన పాల మీద తేటలా ఉంది, నీలమూ కాదు పచ్చా కాదు. దాని ముందు పెడితే మా కోడలి టీ బురద నీళ్ళలా ఉంటోంది." కొంచెం ఆగి, గొంతు తగ్గించి మళ్ళీ అంది. "నీ కంట్లో పొర వచ్చింది. నాకూ అంతే. ఆపరేషనయి ఇంటికొచ్చాక, గోడలకు వెల్ల ఎవరు వేశారే అని అడిగాను. ఎవరూ వెయ్యలేదు. అంతకుముందు నేను లోకాన్నంతా పసుపు గుడ్డలోంచి చూశాను."

కోడలు కళ్ళు తుడుచుకుంది.

"టీ నల్లబడలేదన్నమాట" అన్నాడు రంగులాయన, చెక్కను కిందికి దించుతూ.

"లేదు బాబాయ్."

"ఏడాదిగా నిన్ను అనవసరంగా అన్నానమ్మా."

"రోజూ అంటేనే నాకు తెల్లారేది" అంది ఆ అమ్మాయి. ఆయన మొదటిసారి మొహం తిప్పుకున్నాడు.

నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయి. రంగులాయన మళ్ళీ బకెట్ తెచ్చాడు. ఈసారి నీలిమందు తేలేదు. కలపడం ఆయన చేతులు, చూడడం కోడలి కళ్ళు. రంగుల పేర్లు ఆ అమ్మాయికి తెలియవు. వంటింటి మాటల్లోనే చెప్పేది.

"ఇంకా పచ్చిపాలలా ఉంది బాబాయ్."

"ఇప్పుడు?"

"మరిగింది. మీగడ కట్టలేదు."

"ఇప్పుడు చెప్పు."

"ఆఁ... కట్టింది. ఆపెయ్ ఆపెయ్!"

ఆపినా ఆయన తొందరపడలేదు. కిటికీ పక్కన ఒక జానెడు, చీకటి మూలలో ఒక జానెడు, బల్ల వెనక ఒక జానెడు పూశాడు. "తడి మీద చూసి మోసపోకూడదు. ఆరనీ. పొద్దున చూడు, మధ్యాహ్నం చూడు, దీపం వేశాక చూడు. మూడు పూటలా గ్లాసు దాని ముందు పెట్టు. నీ చెయ్యి కూడా పెట్టి చూడు. టీ నోరూరించాలి, చెయ్యి ఆరోగ్యంగా కనిపించాలి. రెండూ కుదిరితే అదీ రంగు." సాయంత్రం దీపం వేశాక కోడలు పెదవి విరిచింది. తెల్లటి ట్యూబులైటు కింద మీగడ మళ్ళీ పాలిపోయింది. లైటు తీసేసి, పసుపు వెలుగు బల్బులు రెండు బల్లల పైకి దించి పెట్టారు. అప్పుడు గ్లాసులో టీ నిప్పు అంటుకున్నట్టు మెరిసింది.

కింద ఇటుక రంగు, పైన మీగడ వేయడం నాలుగు రోజులు పట్టింది. తలుపు వెనక గోడ ఒక్కటి మిగిలింది. ఐదో రోజు, అది మిగిలి ఉండగానే, డ్రైవరు గుమ్మంలో తల పెట్టి చూశాడు. లోపలికొచ్చి, వీపు గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆమ్లెట్ తిన్నాడు. ఇంకో రొట్టె అడిగాడు.

"నర్సమ్మ ఎక్కడ?" అంది అత్తగారు.

"ఉద్యోగం మానేసిందట పిన్నీ" అన్నాడతను, నోటినిండా రొట్టెతో.

సాయంత్రం ఇంటి యజమాని వచ్చేసరికి మూడు బల్లలు నిండి ఉన్నాయి. నాలుగోదాని దగ్గర కూర్చుని మాట్లాడదామనుకున్నాడు. టీ వచ్చింది. తాగాడు. రెండోది చెప్పాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "మందుల షాపువాళ్ళకు వేరే చోటు చూస్తాలే" అని చెప్పి చెప్పులు వేసుకున్నాడు.

ఆఖరి రోజు ఉదయం రంగులాయన వచ్చి, టీ గ్లాసు ఎత్తి చూశాడు. ఆయన కంటికి అది ఇంకా నల్లగానే ఉంది. అయినా పెదవులు కదిపి, దణ్ణం పెట్టుకుని, తాగాడు. కోడలు తలుపు వెనక గోడ దగ్గరకు బకెట్, బ్రష్షు తెచ్చి పెట్టింది. ఆయన చాలావరకు పూసి, కింది మూలలో జానెడు చోటు దగ్గర చెయ్యి ఆపాడు.

"వచ్చే వారం కన్ను కోయించుకుంటున్నాను తల్లీ. మీ అత్తగారు తోడొస్తానంది."

"నేనూ వస్తాను బాబాయ్. ఒక పూట కొట్టు మూస్తే ఏమవుతుంది?"

"నువ్వు కొట్టు మూయొద్దు. నాకు ఇంకో సాయం చెయ్యి." ఆయన ఆ జానెడు మేర మిగిలిన పాత రంగు మీద అరచెయ్యి ఆనించాడు. "ఈ ముక్క ఇలాగే వదిలెయ్యి. ఎవరికీ కనిపించదు, తలుపు చాటున ఉంటుంది. నా కన్ను బాగయ్యాక ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి, ఈ తలుపు జరిపి చూపించు. నేను నీకు ఏం పూశానో నా కళ్ళతో చూసుకోవాలి."