పక్కన పెట్టిన ఆరు చీరలు

శ్రావణం రెండో సోమవారం, ఉదయం పదింబావుకు మా చీరల వెబ్‌సైట్ మొదలైంది. అంతకుముందు ఏడేళ్లు సోషల్ మీడియా పేజీలోనే అమ్మాం. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదే దుకాణం. ఫొటోలు కోడలు పెట్టేది, లెక్కలు నేను చూసేదాన్ని. ఆషాఢంలో ఎవరో ఫిర్యాదు చేశారని ఆ పేజీని వారం రోజులు ఆపేశారు. కొనేవాళ్లలో సగం మంది ఫోన్ నంబర్లు మా దగ్గర లేవని అప్పుడే తెలిసింది. పేజీ పోతే వాళ్లూ పోయినట్టే.

అందుకే సొంత వెబ్‌సైట్ చేయించాం. పాత పేజీని తీసేయలేదు. అందులో అన్నిటికన్నా పైన కొత్త లింకు పెట్టాం. మెసేజ్ పెట్టిన ప్రతి మనిషినీ నంబరు అడిగి తీసుకున్నాం, మా నంబరు కూడా దాచుకోమని చెప్పాం. దాచుకోనివాళ్లకు మేము అందరికీ ఒకేసారి పంపే వాట్సాప్ కబురు చేరదట.

మా పాతవాళ్లకు ఒక అలవాటుంది. "పక్కన పెట్టమ్మా" అంటే చాలు, ఆ చీరను గుడ్డసంచిలో వేసి, పేరు రాసిన చీటీ గుచ్చి బీరువాలో పెడతాం. డబ్బు తర్వాత వస్తుంది. పులివెందులలో ఒకామె అలాగే కొనేది. భర్త కువైట్‌లో ఉంటాడు, జీతం రాగానే పంపుతాడు. ఆమెను చూసి ఆ వీధిలో తొమ్మిది ఇళ్లవాళ్లు మా దగ్గర కొనేవాళ్లు. ఆదివారం సాయంత్రం ఆమె ఫోన్ చేసి ఆరు చీరలు పక్కన పెట్టమంది. ఒకే అంచు, ఆరు రంగులు. శుక్రవారం కూతురి నిఖా. పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లు ఆరుగురికీ పెట్టాలి. కోడలు వాటిని సంచిలో వేసి బీరువా మూసింది.

సోమవారం ఒంటిగంటకు కోడలు ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అత్తా, ఆకుపచ్చదీ నేరేడుపండు రంగుదీ ఎవరో కొనేసినారు. దుడ్లు కూడా కట్టినారు."

"అవి సంచిలో ఉండాయి కదా?"

"సంచిలో ఉండేది మనకు తెలుసు. వెబ్‌సైట్‌కు యాడ తెలుసు?"

వెబ్‌సైట్ చేసిన అమ్మాయికి ఫోన్ చేశాం. ఆ ఆరింటి ఫొటోలు ఆ అమ్మాయే శనివారం ఎక్కించింది, ఒక్కో రంగుకూ ఒక్కో చీర ఉన్నట్టు.

"చీర పక్కన పెట్టినప్పుడే దాని స్టాక్ సున్నా చేయాల. మిగతా నాలుగన్నా ఇప్పుడే చేయండి. వచ్చిన ఆర్డర్ రద్దు చేస్తే దుడ్లు ఆమెకు వెనక్కి పోతాయి" అంది.

"మొట్టమొదటి ఆర్డరే రద్దు చేస్తే ఇంకెవరు నమ్ముతారు?" అంది కోడలు.

అలాంటివి ఇంకో రెండు కావాలని నేసినతన్ని అడిగాం. ఆ అంచు వేసే పడుగు మగ్గం దిగిపోయింది, మళ్లీ ఎక్కించి నేయాలంటే నెల పడుతుందన్నాడు.

కొన్నామె అడ్రసు జమ్మలమడుగులో ఒక స్కూలు. కొరియర్ మనిషి నాలుగింటికి వస్తాడు. అతను వచ్చేలోగా తేల్చుకోవాలని, అదే అంచున్న వేరే చీర దొరక్క, మంచివి ఇంకో రెండు తీసుకుని బస్సెక్కాను. ఆమె టీచరు. మధ్యాహ్నం స్కూలు వరండాలోనే నిలబడి మాట్లాడింది.

"ఇంత దూరం రావడమెందుకు? రద్దు చేసుండొచ్చు గదా?"

"చెప్పకుండా చేస్తే మీరు మళ్లీ మా దగ్గర కొనరు."

"చెప్పినంత మాత్రాన కొంటానా? దుకాణంలో బిల్లు కట్టినాక వెనక్కి గుంజుకుంటారా ఎవరన్నా?"

చేతిలో ఉన్న చీరలు చూపించాను. ఆమె చాలాసేపు మడతలు తిప్పి చూసింది.

"నేరేడుపండుది వదులుతా, దీన్ని తీసుకుంటా. ఆకుపచ్చది మాత్రం ఇయ్యను. మా చెల్లెలి సీమంతానికి. దానికి ఫొటో పంపితే ఇంట్లో అందరికీ చూపించేసింది."

బస్టాండులో నిలబడి పులివెందులకు ఫోన్ చేశాను. ఐదు సిద్ధంగా ఉన్నాయనీ, ఆరోది ఆకుపచ్చే కానీ అంచు వేరనీ చెప్పాను.

"అంచు వేరా? ఐదుగురికి ఒక తీరు, ఒకామెకు ఒక తీరు పెడితే ఆమె పందిట్లో కూర్చుంటాదా అమ్మా? నా బిడ్డ రేపు ఆ ఇంట్లోనే బతకాల."

"తప్పు మాదే. వెబ్‌సైట్‌లో ఎవరో కొనేసి…"

"ఏడేండ్లు నీ మాట మీద తీసుకుంటి. ఇప్పుడు నీ మాట కన్నా ఆ మిషను మాట పెద్దదాయ. ఏం వద్దులే, ఈడనే యాదో ఒకటి చూసుకుంటా."

ఫోన్ పెట్టేసింది. ఆకుపచ్చ చీర నాలుగింటికి కొరియర్‌లో వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరైనా పక్కన పెట్టమంటే కోడలు ముందు వెబ్‌సైట్‌లో సున్నా చేస్తుంది, ఆ తర్వాతే సంచి తీస్తుంది. కొత్త చీరల ఫొటోలు ముందు పాతవాళ్ల ఫోన్లకు పోతాయి, మర్నాడే వెబ్‌సైట్‌లో అందరికీ కనబడతాయి. పేజీలో కొనేవాళ్లలో మిగిలినవాళ్లు దసరాకల్లా మెల్లగా వెబ్‌సైట్‌కు వచ్చారు. జమ్మలమడుగు టీచరు ఇంకోసారి కొన్నది.

మేం పోగొట్టుకున్నది: పులివెందుల ఆమె, ఆమె వీధిలో తొమ్మిది ఇళ్లు. నిఖాకు మమ్మల్ని పిలవలేదు.