షేర్లు చేపలు కావు

మా చెల్లెలి భర్తని నేను బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనే పిలిచేవాడు. ఉక్కు ఫ్యాక్టరీకి వాళ్ల నేల పోయింది. పెంచిన పరిహారం కోర్టు చుట్టూ తిరిగి తిరిగి ఎనభై నాలుగులో ఒకేసారి చేతికొచ్చింది. దాన్ని పెంచి పెందుర్తిలో ఇల్లు కట్టాలని అతని పట్టుదల. చెల్లెలైతే అప్పటికే గుమ్మం ఏ దిక్కుకుండాలో కూడా తేల్చేసుకుంది.

నేను పోర్టులో గుమస్తాని. జీతం అందిన మర్నాడు సైకిలేసుకుని వన్‌టౌన్‌లో షేర్ల ఏజెంటు దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఇరుకు మెట్లు, గోడకి నిన్నటి పేపరు, బల్ల మీద ట్రంకాల్ కోసం కాచుకున్న ఫోను. ఆ గదిలోని జిగురు వాసన ఇప్పటికీ నాకిష్టమే. నెలకి రెండు వందలు, దానికి వచ్చినన్ని విడి షేర్లు. ధర యాభై ఉంటే నాలుగు, పాతికకి పడితే ఎనిమిది. రెండు నెలలకీ కలిపి పన్నెండు, ఒక్కోటి ముప్పై మూడు చిల్లర పడ్డట్టు. రేటు పడిన నెలలో ఎక్కువొస్తాయని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

బావని కూడా ఆ మెట్లెక్కించాను. ఏజెంటు ముక్కుసూటి మనిషి.

"పెరిగే ఏళ్లే ఎక్కువండి. డబ్బు చేతిలో ఉన్నవాడు మొత్తం ముందే పెట్టేస్తే ఎక్కువసార్లు వాడిదే పైచేయి. కానీ ఏసారి బోల్తా కొడతాదో నాకూ తెలీదు. భయమైతే ఏడాది పాటు నెల నెలా పెట్టండి," అన్నాడు.

బావ కిందికి దిగాక నవ్వాడు. "సేపల రేవులో నాను ఎప్పుడైనా తెల్లారే కొన్నానేటి? ఎండెక్కితే ఆళ్లే రేటు దించుతారు. ఆగుతాను బావా."

అది నిజమే. చేప వాసన కొట్టకముందే అమ్మాలి గనక రేవులో ఆగినవాడికి చవక. కంపెనీ షేరుకి ఆ తొందరేముంది? ఎంత చెప్పినా వింటేనా! ఎనభై ఐదంతా ధరలు పెరుగుతూనే పోయాయి. ప్రతి ఆదివారం నేను పేపరు పట్టుకెళ్లి "ఎండెక్కిందా బావా?" అని ఏడిపించేవాణ్ణి. చెల్లెలు నవ్వేది, అతను మాత్రం నవ్వేవాడు కాదు.

నా ఎగతాళి పుణ్యమో, వీధిలో అందరూ షేర్ల మాటే మాట్లాడడం వల్లో, ఎనభై ఆరు మొదట్లో ఒక సోమవారం ఒక్కడే వెళ్లి ఉన్నదంతా పెట్టేశాడు. అదే శిఖరమని ఆ రోజు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత రెండేళ్లు ధరలు పడుతూనే ఉన్నాయి. నేను నెల నెలా కొంటూనే ఉన్నాను, బావ పేపరు మానేశాడు.

ఎనభై ఎనిమిది వేసవిలో మొత్తం అమ్మేశాడు. పెట్టినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ వచ్చింది. దాంతో పెందుర్తిలో అనుకున్నదాంట్లో సగం జాగా కొన్నాడు. ఏడాది తిరిగేసరికి ధరలు అతను కొన్న రేటు దాటిపోయాయి. మొదట్లోనే పెట్టుంటే నాకంటే ఎంతో బాగుపడేవాడు, శిఖరంలో పెట్టినా కదలకుండా కూర్చుంటే బయటపడేవాడు. ఈ లెక్కలన్నీ నేను అతని ముందే కూర్చుని చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఆ రోజుల్లో అంత మంచిది కాదు.

తొంభై మొదట్లో నాకు జీతాల సవరణ బకాయిలు వచ్చాయి. నా చేతిలో అంత డబ్బు ఒకేసారి పడడం అదే మొదటిసారి. బ్యాంకులో వేశాను. కాస్త తగ్గాక కొందామనుకున్నాను. నెల నెలా రెండు వందలు మామూలుగానే కొంటూ, ఆ పెద్ద మొత్తాన్ని మాత్రం ముట్టుకోలేదు. ధరలు మళ్లీ ఆ రేటుకి దిగలేదు.

పెందుర్తి జాగాలో సగం లేచిన గోడల పక్కన ఇటుకల మీద కూర్చున్నప్పుడు బావకి ఇది చెప్పేశాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, నాకు తగిన శాస్తేనని సిద్ధపడ్డాను కూడా.

అతను తాపీమేస్త్రీకి టీ గ్లాసు అందించి వచ్చి పక్కన కూర్చున్నాడు. "నువ్వు నెల నెలా భయపడకుండా కొన్నావంటే, మళ్లీ నెల జీతమొత్తాదని బావా. నాకు మళ్లీ నేల రాదు కదా. అందుకే ఆగీసేను, అందుకే అమ్మీసేను. నువ్విప్పుడు ఎందుకాగేవో నాకు తెల్సు. ఒకపాలి పోతే రాదని."

ఏజెంటు చెప్పినదంతా నాకు కంఠతా వచ్చు. ఆ ఆదివారాలన్నీ అతను నవ్వకుండా ఎందుకు కూర్చున్నాడో మాత్రం అప్పుడే తెలిసింది. సిగ్గేసింది. లేచి, అతనితో కలిసి మేస్త్రీకి ఇటుకలు అందించాను.