డాక్టరు పేరు లేని వరుస

అల్వాల్‌లోని నా మందుల దుకాణానికి వచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ హెచ్ వన్ రిజిస్టర్ తెరిచాడు. నిద్రమాత్రల వంటివి అమ్మితే డాక్టరు, రోగి పేర్లు, ఎన్ని ఇచ్చామో అందులో రాసి మూడేళ్లు దాచాలి. ఒక వరుసలో డాక్టరు పేరు రాయడం మరిచాను. దొంగను పట్టినంత గర్వంగా నోటీసు రాశాడు.

"పక్క వైన్ షాపుల ఎవరి పేరన్న రాస్తున్నరా సార్?" అన్నాను.

"అది ఎక్సైజోళ్లది. సిగరెట్లకు ఇంకో చట్టం. మా మందుల చట్టం షెడ్యూళ్లల్ల అవి రావు. వాటి మీద వచ్చే పన్నులు బందైతే సర్కార్ నడుస్తదా?" అంటూ బయటికెళ్లి సిగరెట్ ముట్టించాడు.

ఆ వరుసలోని రోగి ఇరవై ఏళ్లు ఆ వైన్ షాపు సరుకే తాగాడు. మానేస్తుంటే చేతులు వణుకుతున్నాయని డాక్టరు రాసిన మాత్రలవి. తాగిన ఇరవై ఏళ్లకూ ఏ రిజిస్టరూ లేదు. మానిన వారానికి మాత్రం నాకు నోటీసు.