పెనం, బిందె, ఆ పిల్ల నోట్సు

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. ఢిల్లీ జియా సరాయ్‌లో మన తెలుగు పిల్లలకు భోజనం పెట్టే మెస్సు నడుపుతాను. ఎవరికి పులుపు పడదో, ఎవరు పెరుగు తినరో ఇన్నేళ్లలో ఏనాడూ కాగితం మీద పెట్టలేదు, అన్నీ గుర్తే.

మా మేడ మీద గదిలో సివిల్స్‌కు చదివే రాజమండ్రి పిల్ల ఉండేది. తెలుగు మీడియం క్లాసులో సారు నోరు తెరిస్తే చాలు, ల్యాప్‌టాప్ మీద టకటకా కొట్టేసేది. సోమవారం పరీక్షలో వెనకబడితే కింది బ్యాచ్‌కు పంపేస్తారు. అదే దాని దిగులు. శనివారం పొద్దున్న వంటింటి గడప మీద కూర్చుని నోట్సు పైకి చదువుతోంది. నేను దోసెలు పోస్తున్నాను.

"నేల త్వరగా వేడెక్కును, సముద్రం నెమ్మదిగా వేడెక్కును, భయ్యా ఆ తలుపు వెయ్యండి, అందువలన..."

గరిటె చేతిలో ఆగిపోయింది. "తలుపేంటే?"

"సారు అన్నారు ఆంటీ. నేను కొట్టేశాను."

నవ్వు ఆపుకోలేక దోసె మాడ్చాను. ఆ పక్కనే కాఫీ తాగుతున్న మనస్తత్వశాస్త్ర పరిశోధకురాలు, మా మెస్సులోనే తినే కర్నూలు అమ్మాయి, పొలమారి దగ్గింది.

"టైపింగ్‌లో చెయ్యి మాటతో పాటు పరిగెత్తుతాదక్కా," అంది తేరుకుని. "అందుకే చానామంది విన్నది విన్నట్టు దించేస్తారు. పెన్ను నిదానం కాబట్టి ఏది రాయాల్నో మనసే ఏరుకుంటాది. చేత్తో రాసినోళ్లకే విషయం బాగా అర్థమైందని కొన్ని పరిశోధనలు చెప్పినాయి. మళ్లీ చేసి చూస్తే అన్నిసార్లూ అంత తేడా రాలేదు. మూసేసి గుర్తు తెచ్చుకుని చెప్పడం మాత్రం గట్టిగా పనిచేస్తాది."

"అయితే మూసెయ్యి," అన్నాను పిల్లతో. "నాకు చెప్పు. నాకర్థమైతే నీకొచ్చినట్టు."

మూసింది. రెండో మాటకే మళ్లీ తెరవబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టవ్ మీద ఖాళీ పెనం, పక్క పొయ్యి మీద నీళ్ల బిందె చూపించాను. "ఏది ముందు కాలుద్ది?"

"పెనం... అదే నేల ఆంటీ. దాని మీద గాలి వేడెక్కి పైకి పోద్ది, అక్కడ ఒత్తిడి తగ్గుద్ది. సముద్రం మీంచి తడిగాలి ఇటొస్తది. వానలు." ఆగకుండా చెప్పి, పాలవాడి కాలెండర్ వెనక సొంత మాటల్లో నాలుగు ముక్కలు రాసుకుంది. ఆ రెండు రోజులూ ప్రతి పాఠం మూసి నాకు చెప్పడం, తర్వాత రాసుకోవడం. ఆదివారం పాఠం వింటూ సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ కోప్పడలేదు.

గురువారం జవాబు పత్రం పట్టుకుని మెట్లు దూకుతూ వచ్చింది. పై బ్యాచ్‌లోనే ఉంచారు. తొందరలో రుతుపవనాల జవాబు పక్కన పటం కూడా వేసిందట, నేల బదులు పెనం. సారు దాని చుట్టూ ఎర్రగీత గీసి, "ఇదేమిటి?" అని రాసి మార్కులు మాత్రం పూర్తిగా వేశాడు.

"ఏం చెప్పావే?"

"మా ఆంటీ పెనం సార్ అన్నాను. ఆయన అచ్ఛా అన్నాడు."

ఆ పూట దోసెలు ఎన్ని పోశానో నాకు గుర్తులేదు. గుర్తులేనిది అదొక్కటే.