వినకుండా అన్న ‘అలాగే’

నాయనా,

ఈ పొద్దున మీ అమ్మ పడకగదిలో పెట్టె జిప్పు లాగిన చప్పుడు హాల్లో కూర్చున్న నాకు వినపడింది. మన కుక్కర్ కూతని పక్కింటిది కాబోలనుకునే మనిషికి జిప్పు వినపడటం చిన్న సంగతి కాదు. చెవుల వెనక వినికిడి మిషన్లు పెట్టించుకుని ఇవాళ్టికి తొమ్మిదో రోజు. అయినా సంతోషం కలగలేదురా, అనుమానం కలిగింది. అటక మీది పెట్టె ఎందుకు దిగింది, కొత్తగా కొన్న రెండు స్వెట్టర్లు ఎవరికి, నీ ఫోను రాగానే ఆవిడ బాల్కనీలోకి ఎందుకు పోతోంది? చెవులు మందగించినవాడికి ఇంట్లో ఎవరు నవ్వినా తనమీదే అనిపిస్తుంది. నా ఈడువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, నీకు చెప్పాలి.

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో నేను గుమాస్తాగా చేసిన రోజుల్లో, అద్దం అవతల మైకు ముందు నిలబడ్డవాళ్ళ పెదవులు చూసే మాటలన్నీ చెప్పేసేవాణ్ణని, జూబ్లీహిల్స్ పెద్దల రహస్యాలన్నీ నా గుప్పిట్లో ఉండేవని నీ చిన్నప్పుడు ఎన్ని కోతలు కోశానో. నిజానికి నాకు దొరికిన అతి పెద్ద రహస్యం, ఎవరికి టీలో పంచదార వద్దో అంతే. కానీ ఆ పెదవుల విద్య కొంత నిజం. నా చెవులు పోతున్న సంగతి ఇన్నాళ్ళు దాచిపెట్టింది అదే.

చెవి పరీక్షలోనూ అదే వాడాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమంది అక్కడి అమ్మాయి. అద్దంలోంచి ఆమె వేలు కదిలినప్పుడల్లా నొక్కాను. అయిదు నిమిషాలపాటు నావి పాతికేళ్ళ కుర్రాడి చెవులు. తర్వాత ఆమె లేచి వచ్చి, “తాతా, నా చెయ్యి జూసి నొక్కుతున్నరు గద, గోడ దిక్కు తిరుగుండ్రి” అని కుర్చీ తిప్పేసింది. అప్పుడు పరీక్ష కాగితం మీద వచ్చిన గీత మొదట కొంతదూరం చదునుగా నడిచి, ఆ తర్వాత ఫిల్మ్‌నగర్ గుట్ట దిగే రోడ్డులా జారిపోయింది. లావు శబ్దాలు, అచ్చులు అందుతాయట. స, శ, త, క లాంటి సన్నటివి జారిపోతాయట. అందుకే మాట వచ్చినట్టు తెలుస్తుంది, ఏం మాటో తెలియదు. మీరెంత అరిచినా అచ్చులే పెద్దవయ్యేవి. ఈ మిషన్ ముఖ్యంగా ఆ సన్నటి శబ్దాలనే పైకి లేపుతుంది. మొదట శబ్దం కావలసినదానికన్నా తక్కువ పెట్టి, వారం వారం పెంచుతారు. “పెట్టంగనే అయిపోదు తాతా, మీ మెదడు మళ్ల నేర్సుకోవాలె” అంది ఆ అమ్మాయి.

సరే, జిప్పు విని లోపలికి వెళ్ళి, నాకు చెప్పకుండా ఎక్కడికి ప్రయాణమని మీ అమ్మని నిలదీశాను. ఆవిడ పెట్టెమీద చెయ్యివేసి, “రెండు నెలల కిందట మీరే కదండీ ఫోన్లో వాడితో అలాగే, చాలా సంతోషం అన్నారు? డబ్లిన్‌కి, కోడలి పురుటికి, ఆరు నెలలు. మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని టికెట్ వచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు” అంది. నన్నూ రమ్మన్నావట. దానికి నేను నవ్వి ఊరుకున్నానట, అది రాననడమే అనుకున్నారట మీరిద్దరూ. బాల్కనీ సంగతి అడిగితే, “పక్కన కూర్చుంటే ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని నన్ను మాట్లాడనిస్తారా” అంది.

ఆ ఫోను నాకు గుర్తుంది. నీ గొంతు చివర కాస్త పైకి లేచింది, ఏదో అడిగావని తెలిసింది, సంతోషంగా ఉన్నావనీ తెలిసింది. ఇంకేమీ తెలియకుండానే అలాగే అనేశాను. రెండేళ్ళుగా నీ ప్రతి ఫోనుకీ అంతే. కుట్ర చేసింది మీరు కాదు, నేనే.

మీ అమ్మని ఆపకు. ఆవిడ నీ దగ్గరికి రావలసిందే. కానీ ఇన్నాళ్ళూ నీ మాట నాకు విడమర్చి చెప్పింది ఆవిడ. ఆవిడే వచ్చేస్తే ఆరు నెలలు నాకు నువ్వు ఉండవు. అందుకని ఇకనుంచి వీడియో కాల్ చెయ్యి. ఫోను శబ్దం బ్లూటూత్‌లో తిన్నగా నా చెవుల్లోకి వస్తుంది, మిషన్‌కి అందనిది నీ పెదవుల దగ్గర ఏరుకుంటాను. కిటికీ నీ వెనక కాక ఎదురుగా ఉండాలి, లేకపోతే నీ మొహం నల్లటి మచ్చ. నోటికి చెయ్యి అడ్డం పెట్టకు, నడుస్తూ మాట్లాడకు, నువ్వూ మీ అమ్మా ఒక్కసారే మాట్లాడకండి. నెట్ మందగిస్తే పెదవి ముందూ మాట వెనకా అవుతుంది. అది కనిపెట్టడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు, ఇది కోత కాదు.

ఆ థియేటర్ ఇప్పుడు లేదు. గొంతులిచ్చేవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా చెప్పి పంపించేస్తున్నారట. అప్పట్లో పెదవికి మాట అతకకపోతే అద్దం ఇవతల ఇంజనీరు చెయ్యెత్తేవాడు, అంత పెద్ద ఆర్టిస్టూ మారుమాట లేకుండా మళ్ళీ చెప్పేవాడు, ఎవరికీ నామోషీ ఉండేది కాదు. అన్నేళ్ళు అది చూసి కూడా, నీ దగ్గర నేను ఒక్కసారీ చెయ్యెత్తలేదు.

ఇప్పుడు ఎత్తుతాను. నన్నూ రమ్మన్న ఆ మాట, మొహం చూపించి మళ్ళీ అడుగు.

నాన్న