అరవయ్యో వరస

మా బావ, అంటే అక్క మొగుడు, ఉక్కు కర్మాగారంలో యంత్రాల మరమ్మతు విభాగంలో పనిచేసి అరవైకి రిటైరయ్యాడు. నేను యూనివర్సిటీలో జనాభా గణితం చెబుతాను. ఒక మధ్యాహ్నం ఆయన సీతమ్మధార డాక్టరు దగ్గర్నుంచి నేరుగా మా డిపార్టుమెంటుకి వచ్చాడు. గుండెకి రక్తం వెళ్ళే మూడు నాళాలూ పూడుకుపోయాయట, ఆలస్యం చెయ్యకుండా బైపాస్ చేయించుకోమన్నారట.

"మన దేశంలో సగటు ఆయుర్దాయం డెబ్బై అంట గదా బావా. నాకు అరవై. అంటే ఇంకో పదేళ్ళు. ఆ పదేళ్ళ కోసం గుండె కోయించుకోమంటావేటి?"

నాకు ఒళ్ళు మండింది. ఏటా పిల్లలు పరీక్షలో రాసే తప్పే ఇది. ఏ వయసువాళ్ళకి సగటున ఇంకా ఎన్నేళ్ళుంటాయో చూపే లైఫ్ టేబుల్ తీసి ఆయన ముందు పెట్టాను.

"డెబ్బై అప్పుడే పుట్టినవాళ్ళకి బావా. పురిట్లో పోయినవాళ్ళూ, పడుచు వయసులో పోయినవాళ్ళూ అందరూ కలిసిన సగటది. నువ్వు ఆ గండాలన్నీ దాటేశావు. అందులోంచి నీ వయసు తీసేయకూడదు. అరవయ్యో వరసలో చూడాలి."

మగవాళ్ళ పట్టికలో ఆ వరస చివరి గడిలో పదిహేడు చిల్లర ఉంది. అంత బతుకు ముందుందని తెలిస్తే ఆపరేషన్‌కి ఒప్పుకుంటాడనుకున్నాను. ఆయన ముఖం నిజంగానే వెలిగిపోయింది. నా భుజం తట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

రెండ్రోజులకి అక్క ఫోన్ చేసి ఏడ్చింది. "ఆపరేషనొద్దని ఆస్పత్రికి సెప్పేసినాడ్రా. పదిహేడేళ్ళు గ్యారంటీ అని నువ్వే సెప్పావంట."

పరుగున కూర్మన్నపాలెంలో వాళ్ళింటికి వెళ్ళాను. బావ హాల్లో కూర్చుని తాపీగా వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు.

"మా దగ్గర గేర్‌బాక్సుకి రిమైనింగ్ లైఫ్ అని, ఇంకెన్నాళ్ళు తిరుగుతాదో రాత్తారు బావా. అది ఉన్నన్నాళ్ళూ ఎవడూ దాని జోలికెళ్ళడు. బాగా తిరుగుతన్నదాన్ని ఇప్పితే, ఇప్పినోడే పాడుసేత్తాడు. పదిహేడేళ్ళుంటే ఇప్పుడెందుకు షట్‌డౌను?"

జీవితమంతా యంత్రాలతో గడిపిన మనిషి పట్టికని యంత్రం మీది చీటీలా చదువుకున్నాడు. కాగితం తీసి గీతలు గీసి చెప్పాను. "అరవై నిండినవాళ్ళందరినీ ఒకచోట నిలబెట్టామనుకో. కొందరు ఈ ఏడాదే పోతారు. కొందరు తొంభై దాకా ఉంటారు. అందరి ఏళ్ళూ కలిపి తలా ఇంతని పంచితే వచ్చే అంకె అది. అదీ ఇప్పుడు ఏ వయసులో ఎంతమంది పోతున్నారో, ముందు ముందూ అలాగే పోతారనుకుని వేసిన లెక్క. గట్టి గుండె, పూడుకుపోయిన గుండె అన్నీ అందులోనే కలిసిపోయాయి. నీ గుండె సంగతి దానికేం తెలుసు?"

"అంకె తప్పా మరి?"

"తప్పు కాదు."

"మరింకేటి?" అని నవ్వాడు.

నేను అరిచాను. "రేపు పోయేవాడికి కూడా ఆ వరసలో పదిహేడే ఉంటుంది బావా!"

అక్క వంటగది గుమ్మంలో కూలబడిపోయింది. ఆయన నవ్వు ఆపేశాడు. చేతిలో గింజలు పళ్ళెంలో పోసి, నావైపు చూడకుండా, "వానలెల్లనీ, సూద్దాం" అన్నాడు. అక్క నన్ను వీధి దాకా పంపడానికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏదో ఒకటి సెప్పరా. ఆ పట్టీ తప్పని అబద్ధమైనా సెప్పు."

మర్నాడు వెళ్ళి ఆ అబద్ధం కూడా చెప్పాను. పాత కాగితం చూశాననీ, కొత్తదాంట్లో తక్కువ ఉందనీ. ఆయన నమ్మలేదు. "నానెల్లనని ఇలా మార్సేత్తన్నావ్" అన్నాడు. డాక్టరు చేత ఫోన్ చేయించాను. ఇంటిల్లిపాదీ మొత్తుకున్నాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

వానలు వెళ్ళకముందే ఒక ఉదయం కూర్మన్నపాలెం జంక్షన్‌లో, కూరగాయల సంచీ చేతిలో ఉండగానే పడిపోయాడు. ఆటోలో ఆస్పత్రికి చేర్చేసరికే అయిపోయింది. ఆ పట్టికలో తప్పేమీ లేదు. అరవయ్యో ఏట పోయేవాళ్ళు ఇంతమందని అందులో ఒక గడి ఉంది, దాన్లో ఆయన ఒకడయ్యాడు. పాఠం చెప్పేటప్పుడు ఆ గడి మీద నుంచి నా వేలు ఎన్నిసార్లు జారిపోయిందో!

పన్నెండో రోజు చుట్టాలంతా వెళ్ళిపోయాక అక్క నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమెకి యాభై ఏడు.

"ఆడోళ్ళకి వేరే పట్టీ ఉంటాదట గదా. నా వరసలో ఎంతుందిరా?"

"అందులో నీ గురించి ఏమీ ఉండదక్కా."

"సెప్పరా."

ఆడవాళ్ళ వరస నాకు కంఠతా వచ్చు. మగవాళ్ళకంటే ఎక్కువే. చెప్పకుండా తల దించుకున్నాను. నా ముఖంలోనే చదువుకుంది కాబోలు, పమిట నోట్లో కుక్కుకుంది.

"అన్నేళ్ళు ఒక్కద్దాన్నీ ఏటి సెయ్యమంటావురా నన్ను?"